బొంతలా ఉబ్బిన పైముఖం

మా వీధి చివరి ఇంట్లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. కొత్తగా కట్టించిన పై వాటాకు పేరు పలక కావాలన్నారు. నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉందని ఆయనకు తెలుసు. పన్నెండు సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న తెల్లటి పలక గీశాను. దాని మీద రెండు మిల్లీమీటర్ల ఎత్తున ఇంటి పేరు అక్షరాలు నిలబెట్టాను. మాస్టారి కోసం కదా, పని నాజూగ్గా ఉండాలని పొర మందాన్ని మామూలుగా వాడే 0.2 మిల్లీమీటర్ల నుంచి 0.12కి తగ్గించాను. రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే పక్కలు అద్దంలా వచ్చాయి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అక్షరాల వెనక ఉన్న పైముఖం మాత్రం చెడిపోయింది. గళ్ళు గళ్ళుగా గుంటలు, గుంటల చుట్టూ గట్లు, రెండు మూడు చోట్ల లోపలి గూళ్ళు కనిపించేంత చిల్లులు.

మాస్టారు చూపుడువేలితో తడిమి చూసి, "ఇదేంటయ్యా, పైన బొంత కుట్టినట్టుంది?" అన్నారు.

ఆ మాటతో లోపం అసలు రూపం నాకు దొరికింది. ఇంగ్లీషులో దీన్ని పిల్లోయింగ్ అంటారు, అంటే దిండులా ఉబ్బడం. దిండు కన్నా బొంతే దీనికి సరిగ్గా సరిపోతుంది. బొంతలో కుట్టు ఎక్కడ పడితే అక్కడ ఒక గీత, గీతకూ గీతకూ మధ్య ఎగుడుదిగుడు. ప్రింట్‌లో కుట్టు గీతల స్థానంలో ఉండేవి లోపలి గోడలు. పైన కనిపించే గళ్ళు, లోపల కట్టిన గూళ్ళ నీడే.

లోపల గూళ్ళు ఎందుకున్నాయో ముందు చెప్పాలి. ఇళ్ళలో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే ప్రింటర్లు 1989లో అమెరికాలో స్కాట్ క్రంప్ పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతిలో పనిచేస్తాయి. తీగలాంటి ప్లాస్టిక్‌ను కరిగించి, సన్నటి ముక్కులోంచి వదులుతూ, జంతికలు ఒత్తినట్టు పొర మీద పొర పేరుస్తాయి. ఆ తీగను ఫిలమెంట్ అంటారు, ముక్కును నాజిల్ అంటారు. నాజిల్ రంధ్రం సాధారణంగా 0.4 మిల్లీమీటర్లు. వస్తువు మొత్తాన్ని గట్టిగా నింపేస్తే ప్లాస్టిక్కూ కాలమూ దండగ కాబట్టి, చుట్టూ గోడలు, అడుగున నేల, పైన కప్పు మాత్రం నిండుగా కట్టి, లోపల పలచటి గళ్ళు అల్లుతారు. ఆ అల్లికే ఇన్‌ఫిల్. అందులో ఎంత శాతం ప్లాస్టిక్ ఉండాలో మనమే చెప్పాలి. మాస్టారి పలకకు నేను పది శాతం చెప్పాను.

ఇక కప్పు దగ్గరికొద్దాం, ఎందుకంటే లోపమంతా అక్కడే ఉంది. పెంకుటింటికి వాసాలు వేసి వాటి మీద సన్న బద్దలు పరుస్తారు. వాసాల ఎడం ఎక్కువైతే బద్ద మధ్యలో కిందికి వంగుతుంది. ఇన్‌ఫిల్ గోడలు మన వస్తువుకు వాసాలు. వాటి మీద మొదటి నిండు పొర వేసేటప్పుడు నాజిల్ ఒక గోడ మీంచి మరో గోడ దాకా గాలిలో పోగు లాగాలి. ఆ పోగు ఇంకా వెన్నముద్దలా మెత్తగా ఉంటుంది. గట్టిపడేలోగా తన బరువుకు తానే వేలాడుతుంది, లేదా మధ్యలో తెగి రెండు వైపులా ముడుచుకుంటుంది. ముడుచుకున్న కొసలు పైకి లేస్తాయి. ఆ ఎగుడుదిగుడు మీదే రెండో పొర, మూడో పొర పడతాయి. గుంటలో పడిన పోగుకు అడుగు అందదు, అది సరిగ్గా అతుక్కోదు. గోడ మీద పడిన పోగుకు చోటు చాలదు, నాజిల్ కింద నలిగి పక్కలకు ఉబ్బుతుంది. అలా ఒక్కో పొరా కింది తప్పును కొంత సరిదిద్దుతూ, కొంత పైకి మోసుకెళ్తుంది. మూడు పొరలతో కప్పు ముగించేస్తే సరిదిద్దడం సగంలో ఆగిపోయినట్టే.

గాలిలో లాగాల్సిన దూరం ఎంతో లెక్క కట్టడం తేలిక. అడ్డంగా నిలువుగా గీతలు గీసే గళ్ళ ఇన్‌ఫిల్‌లో ప్లాస్టిక్ సగం అడ్డగీతలకు, సగం నిలువు గీతలకు పోతుంది. పది శాతం అంటే ఒక్కో దిక్కుకు ఐదు శాతం. గీత వెడల్పు 0.4 మిల్లీమీటర్లు కాబట్టి, అది ఐదు శాతం కావాలంటే గీతకూ గీతకూ ఎడం 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇరవై శాతానికి ఆ ఎడం 4 మిల్లీమీటర్లు. నా పలక మీది గుంటలను స్కేలు పెట్టి కొలిచాను. ఒక గట్టు నుంచి పక్క గట్టుకు సరిగ్గా ఎనిమిది మిల్లీమీటర్లే వచ్చింది. అనుమానం తీరిపోయింది.

రోగం ఇదేనా?

ఈ కొలతను నేను నొక్కి చెప్పడానికి కారణముంది. పైముఖం గరుకుగా వచ్చినప్పుడల్లా అది పిల్లోయింగ్ కాదు. కారణం తెలుసుకోకుండా సెట్టింగులు తిప్పేవాళ్ళు రీలు సగం ఖర్చు చేసుకుని మొదటికొస్తారు. ఫిలమెంట్ తక్కువగా వస్తున్నప్పుడు కూడా పైన సందులు కనిపిస్తాయి. అయితే ఆ సందులు గళ్ళుగా ఉండవు. పక్కపక్క పోగుల మధ్య దువ్వెన పళ్ళ సందుల్లా వరసగా, పైముఖమంతా ఒకే తీరుగా ఉంటాయి. అప్పుడు పక్క గోడలు కూడా పలచగా, బలహీనంగా వస్తాయి. ఫిలమెంట్ ఎక్కువగా వస్తుంటే పోగుల అంచులు గట్లు కట్టి, నాజిల్ వాటిని గీకుతూ పోయిన గీతలు కనబడతాయి. వానాకాలంలో మన కోస్తా ఊళ్ళలో మూత తీసి వదిలేసిన రీలు తేమ పీలుస్తుంది. ఆ తేమ నాజిల్‌లో ఆవిరై చిటపటలాడుతుంది, పైముఖం మీద చిన్న చిన్న బుడగ మచ్చలు పడతాయి, దారాలు సాగుతాయి. ఈ మూడింటికీ ఇక్కడ చెప్పబోయే మందు పనిచేయదు.

పిల్లోయింగ్‌కు గుర్తు అది లోపలి అల్లిక ఆకారాన్నే చూపడం. గళ్ళు అల్లితే గళ్ళు, తేనెపట్టులా అల్లితే ఆరు మూలల గుంటలు. మరో గుర్తు, వస్తువు అంచు దగ్గర ముఖం బాగుండి, మధ్యకు పోయేకొద్దీ చెడడం. అంచున గోడల ఆసరా ఉంటుంది కదా. నా పలకలో దీనికి ఇంకా మంచి సాక్ష్యం దొరికింది. అక్షరాల పైముఖం నున్నగా ఉంది, పలక పైముఖం చెడింది. రెండూ అదే ఫిలమెంట్, అదే నాజిల్, అదే రాత్రి. తేడా ఒక్కటే. అక్షరం గీత లోపల గోడ నుంచి గోడకు మూడు మిల్లీమీటర్లకు మించి దూరం లేదు. పోగు ఆ కాస్త దూరం వేలాడకుండా దాటేసింది. ఫిలమెంట్‌దో నాజిల్‌దో తప్పయితే అక్షరాలు కూడా చెడేవి.

ప్రింట్ జరుగుతుండగానే దీన్ని పసిగట్టవచ్చు. చివరి పొరలు పడుతున్నప్పుడు దగ్గర కూర్చుని వింటే, పైకి లేచిన కొసలకు నాజిల్ తగిలి టిక్ టిక్ మంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే పోగులు చల్లారడం లేదని అర్థం.

మూడు మరలు, మూడు ఖర్చులు

సరిచేయడానికి మన చేతిలో మూడు మరలున్నాయి. పోగును త్వరగా చల్లార్చే ఫ్యాన్, కప్పు మందం పెంచే పై పొరల లెక్క, వాసాల ఎడం తగ్గించే ఇన్‌ఫిల్ శాతం. మూడూ ఒకే లోపాన్ని మూడు చోట్ల పట్టుకుంటాయి. ఫ్యాన్ పోగును వేలాడనివ్వదు. ఇన్‌ఫిల్ వేలాడే దూరాన్ని తగ్గిస్తుంది. పై పొరలు అప్పటికే వేలాడినదాన్ని పూడుస్తాయి. వీటిలో ఏది ముందు తిప్పాలన్నది ఖర్చును బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. ఫ్యాన్‌కు అదనపు ఫిలమెంట్ ఒక్క గ్రాము కూడా అక్కర్లేదు, కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి.

ఫ్యాన్ విషయంలో కొత్తవాళ్ళు తరచూ ఒకచోట పొరబడతారు. ప్రింటర్ తలలో సాధారణంగా రెండు ఫ్యాన్లుంటాయి. ఒకటి నాజిల్ పైన ఉండే లోహపు రెక్కలను చల్లబరుస్తుంది. అది ప్రింటర్ వేడెక్కినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. రెండోది అప్పుడే పడిన ప్లాస్టిక్ మీదికి గాలి ఊదేది. మనకు కావలసింది ఈ రెండోదే. మొదటిది గిర్రున తిరుగుతుంటే చూసి, ఫ్యాన్ బాగానే ఉందనుకుంటారు. రెండోది దుమ్ముపట్టి ఆగిపోయి ఉండొచ్చు, గాలి గొట్టం విరిగి గాలి పక్కకు పోతుండొచ్చు. పరీక్ష చాలా సులువు. ప్రింటర్ మెనూలో ఫ్యాన్ వేగాన్ని వంద శాతానికి పెట్టి, నాజిల్ చల్లగా ఉన్నప్పుడు దాని కిందకు ఒక సన్నటి కాగితం ముక్క చాపితే, కాగితం రెపరెపలాడాలి. కంప్యూటర్ నుంచి ఆదేశాలు పంపగలిగితే ఈ రెండు చాలు:

```
M106 S255
M107
```

మొదటిది ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది, రెండోది ఆపుతుంది. ఇక్కడ 255 అంటే వంద శాతం. సగం వేగం కావాలంటే 127 అని ఇవ్వాలి.

నా ఫ్యాన్ బాగానే ఉంది. తప్పు సెట్టింగులో దొరికింది. అంతకు ముందు వారం పీఈటీజీ అనే రకం ప్లాస్టిక్‌తో ఒక పని చేశాను. ఆ ప్లాస్టిక్‌కు గాలి ఎక్కువైతే పొరలు గట్టిగా అతుక్కోవు. అందుకని ఫ్యాన్ నలభై శాతానికి పెట్టుకున్నాను. మాస్టారి పలకను పీఎల్‌ఏతో చేస్తూ నాజిల్ వేడి మార్చాను, ఫ్యాన్ సంగతి మరచిపోయాను. పీఎల్‌ఏకు మొదటి పొర తప్ప మిగతా పొరలకు వంద శాతం గాలి ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. మొదటి పొర బెడ్‌కు అతుక్కోవాలి కాబట్టి దానికి మాత్రం గాలి ఆపుతారు.

ఈ పని జరిగింది మే నెలలో, విజయవాడలో. అదీ లెక్కలోకి వస్తుంది. ప్రింటర్ ఫ్యాన్‌కు చల్లదనం ఎక్కడి నుంచో రాదు, గదిలో ఉన్న గాలినే అది ఊదుతుంది. పీఎల్‌ఏ సుమారు అరవై డిగ్రీల దగ్గర మెత్తదనం వదిలి గట్టిపడుతుంది. గది పాతిక డిగ్రీలుంటే ఊదే గాలికీ ఆ గీతకూ ముప్పై ఐదు డిగ్రీల తేడా ఉంటుంది. గది నలభై ఉంటే ఆ తేడా ఇరవైకి పడిపోతుంది. అదే ఫ్యాన్, అదే వేగం, కానీ పోగు ఆలస్యంగా గట్టిపడుతుంది. పెట్టెలా మూసి ఉండే ప్రింటర్లో పీఎల్‌ఏ వాడుతుంటే లోపలి గాలి ఇంకా వేడెక్కుతుంది. అలాంటప్పుడు తలుపు, పై మూత తీసి ఉంచాలి. డిసెంబరులో బాగా వచ్చిన ఫైలే మే నెలలో బొంతలా వస్తే ప్రింటర్ పాడైందని భయపడనక్కర్లేదు.

ఫ్యాన్ తరవాత పై పొరల లెక్క. నా అసలు పొరపాటు ఇక్కడే ఉంది. నున్నగా రావాలని పొర మందం తగ్గించాను, పొరల లెక్క మాత్రం మూడు దగ్గరే ఉంచేశాను. 0.2 మిల్లీమీటర్ల పొరలు మూడు వేస్తే కప్పు 0.6 మిల్లీమీటర్లు వచ్చేది, అది కూడా తక్కువే. 0.12తో మూడు వేస్తే 0.36 మాత్రమే. విజిటింగు కార్డు మందం. పైగా పొర పలచబడితే పోగు కూడా పలచబడుతుంది. 0.4 వెడల్పు, 0.2 ఎత్తు ఉన్న పోగులో ఉండే ప్లాస్టిక్‌తో పోలిస్తే 0.12 ఎత్తున్న పోగులో నలభై శాతం తక్కువ. అంత సన్నటి పోగుకు గాలిలో ఎనిమిది మిల్లీమీటర్లు దాటే బిగువు ఉండదు. అందుకే సన్న పొరలతో చేసిన ప్రింట్లలో పిల్లోయింగ్ ఎక్కువగా కనిపిస్తుంది. నాజూకు పని కోసం పొర తగ్గించేవాళ్ళు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి.

అందుకని పొరల లెక్కను కాక కప్పు మందాన్ని పట్టుకోవడం మేలు. 0.8 మిల్లీమీటర్ల నుంచి ఒక మిల్లీమీటరు దాకా కప్పు మందం ఉంటే మామూలు వస్తువుల్లో పైముఖం మూసుకుంటుంది. 0.2 పొరకు నాలుగైదు, 0.12కు ఏడెనిమిది, 0.1కు ఎనిమిది నుంచి పది పొరలవుతాయి. వస్తువును పొరలుగా కోసే స్లైసర్ ప్రోగ్రాములు ఈ పద్ధతికి వీలు కల్పిస్తాయి. క్యూరాలో Top Thickness అనే చోట 0.8 అని రాస్తే, పొర మందాన్ని బట్టి Top Layers లెక్కను అదే కట్టుకుంటుంది. ప్రూసాస్లైసర్‌లో పొరల లెక్కతో పాటు Minimum shell thickness అనే గడి ఉంటుంది. లెక్క తక్కువైనా మందం తగ్గకుండా అది కాపాడుతుంది. నేను క్యూరాలో మందం గడిని వదిలేసి, పొరల గడిలో చేత్తో మూడు అని రాసుకున్నాను. ఒకసారి చేత్తో రాశాక అది పొర మందంతో పాటు మారదు.

ఇక ఇన్‌ఫిల్. దీన్ని చివరికి ఉంచడానికి కారణం ఖర్చే. మాస్టారి పలక వైశాల్యం 96 చదరపు సెంటీమీటర్లు. పైన 0.12 మందంతో ఒక పొర పెంచితే దాదాపు 1.3 గ్రాముల పీఎల్‌ఏ ఎక్కువ పడుతుంది. నాలుగు పొరలు పెంచితే ఐదు గ్రాములు. ఇన్‌ఫిల్‌ను పది నుంచి ఇరవై శాతానికి పెంచినా ఈ పలకలో ఐదు గ్రాములే పడుతుంది, ఎందుకంటే పలక సన్నం, లోపల గూళ్ళకు ఉన్న ఎత్తు నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. ఇక్కడ రెండూ సమానమే. ఇప్పుడు అదే పొడవు వెడల్పులతో ఆరు సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మె అనుకుందాం. పైన నాలుగు పొరలు పెంచడానికి అప్పుడూ ఐదు గ్రాములే. ఇన్‌ఫిల్‌ను పది శాతం పెంచడానికి మాత్రం దాదాపు డెబ్భై గ్రాములు. కిలో రీలు వెయ్యి రూపాయలనుకుంటే ఐదు రూపాయలకూ డెబ్భై రూపాయలకూ ఉన్న తేడా. కాలం కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది. ఎత్తైన వస్తువుల్లో పైముఖం కోసం ఇన్‌ఫిల్ పెంచడమంటే, మేడ మీద గచ్చు బాగుండాలని కింది అంతస్తులన్నిట్లో స్తంభాలు రెట్టింపు చేసినట్టే.

అయినా పది శాతం దగ్గర ఆగడం నాకు నచ్చదు. ఎనిమిది మిల్లీమీటర్ల ఎడం పోగుకు మరీ ఎక్కువ. పదిహేను శాతానికి ఆ ఎడం ఐదున్నర మిల్లీమీటర్ల లోపుకు వస్తుంది, ఇరవైకి నాలుగు. ముప్పైకి పోతే రెండున్నర దాటి కొంచెం, కానీ అప్పటికి పైముఖంలో కనబడే లాభం తగ్గిపోయి ఖర్చు పెరుగుతూ ఉంటుంది. కేవలం పైముఖం కోసమే అయితే ఇరవై దాటాల్సిన అవసరం నాకు అరుదుగా కలిగింది. ఎత్తైన వస్తువులకు ఒక మధ్యే మార్గముంది. క్యూరాలో Gradual Infill Steps అనే సెట్టింగుకు 1 ఇస్తే, మనం చెప్పిన శాతం కప్పుకు కాస్త కింద మాత్రమే ఉండి, ఇంకా కిందికి పోతే సగమవుతుంది. కప్పు దగ్గర ఇరవై, అడుగున పది. వాసాలు కావలసిన చోటే వాసాలు పడతాయి.

నాలుగు బిళ్ళలు

ఇంత చెప్పినా మూడింటిలో ఏది ఎంత పని చేస్తుందో ఎవరి ప్రింటర్‌లో వాళ్ళు చూసుకోవాల్సిందే. పలక మొత్తాన్ని మళ్ళీ మళ్ళీ వేయడం దండగ. నాలుగు సెంటీమీటర్ల చదరంగా, అదే ఆరు మిల్లీమీటర్ల మందంతో చిన్న బిళ్ళ గీసి దాని మీద పరీక్షించాను. ఒక బిళ్ళకు ఒక్క మార్పే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి బిళ్ళ పాత సెట్టింగులతోనే వేశాను. లోపం మళ్ళీ వచ్చింది. రావాలనే వేశాను, ఎందుకంటే చిన్న బిళ్ళలో లోపం కనబడకపోతే దాని మీద చేసే పరీక్షకు విలువ ఉండదు. రెండో దానికి ఫ్యాన్ నలభై నుంచి వందకు పెంచాను. చిల్లులన్నీ పోయాయి. కొసలు పైకి లేవడం, టిక్ టిక్ చప్పుడు ఆగిపోయాయి. బొంత గళ్ళు మాత్రం ఉన్నాయి, వేలికి తెలుస్తున్నాయి. మూడో దానికి పై పొరలు మూడు నుంచి ఏడుకు పెంచాను. వేలికి నున్నగా తగిలింది. ఇక్కడితో అయిపోయిందనుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఏటవాలు వెలుతురులో చూస్తే, నీటి మీద అలల్లా గళ్ళ జాడ ఇంకా కనబడింది. నాలుగో దానికి ఇన్‌ఫిల్ పది నుంచి ఇరవైకి పెంచాను. ఆ జాడ కూడా పోయింది. పోగుల సన్నటి గీతలు తప్ప ఏమీ లేవు.

ఆ నాలుగు బిళ్ళలూ వెనక రాసిపెట్టుకుని ఇప్పటికీ ప్రింటర్ పక్కనే ఉంచుకున్నాను. చూడడం ఎప్పుడూ ఏటవాలు వెలుతురులోనే చూడాలి. నడినెత్తి మీది ట్యూబులైటు గుంటల్ని దాచేస్తుంది.

ఫైలు ప్రింటర్‌కు పంపేముందు స్లైసర్‌లో పొరలను ఒక్కొక్కటిగా చూపే తెర మీద పట్టీని పైనుంచి కిందికి జరిపి, ఇన్‌ఫిల్ కనబడే దాకా ఎన్ని నిండు పొరలున్నాయో లెక్కపెట్టుకోవడం మంచి అలవాటు. అర నిమిషం పని. నేను ఆ రాత్రి అది చేసి ఉంటే మూడే పొరలని అప్పుడే కనిపించేది. ప్రింట్ మొదలయ్యాక పొరల లెక్కను, ఇన్‌ఫిల్ శాతాన్ని మార్చలేం. అవి ఫైల్లోనే రాసి ఉంటాయి. ఫ్యాన్ వేగాన్ని మాత్రం ప్రింటర్ తెర మీంచి మధ్యలో కూడా పెంచుకోవచ్చు. కప్పు పొరలు మొదలయ్యే వేళకు దగ్గరుంటే చెడిపోబోయే పనిని అలా కొంత కాపాడుకోవచ్చు.

ఈ మందుకు హద్దులున్నాయి. ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌కు గాలి గట్టిగా తగిలితే మూలలు పైకి లేస్తాయి, పొరలు పగుళ్ళిస్తాయి. దానికి ఫ్యాన్ దాదాపు ఆపి ఉంచాలి. పీఈటీజీకి ముప్పై నుంచి యాభై శాతం మధ్యలో సర్దుకోవాలి. వాటితో పని చేసేటప్పుడు మొదటి మర మన చేతిలో లేదనుకుని, కప్పు మందాన్ని ఒక మిల్లీమీటరు దాటించి, ఇన్‌ఫిల్‌ను ఇరవై ఐదు దాకా పెంచుకోవాలి. నాజిల్ వేడి ఐదు పది డిగ్రీలు తగ్గించినా, కప్పు పొరల వేగం తగ్గించినా కొంత సాయం చేస్తాయి. సన్నటి స్తంభం కొసలాంటి చిన్న పైముఖాలది మరో చిక్కు. అక్కడ పొర నాలుగైదు సెకన్లలో అయిపోయి, కిందిది చల్లారకముందే పైది పడుతుంది. అలాంటివి ఒక్కటి కాక రెండు పక్కపక్కన వేస్తే, నాజిల్ రెండోదాని దగ్గరికి వెళ్ళొచ్చేలోగా మొదటిది చల్లారుతుంది.

గుమ్మటంలా చాలా కొద్ది వాలుతో ఒంగిన పైముఖాలకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. అక్కడ ప్రతి పొరలోనూ కొద్ది భాగమే పైకి కనబడుతుంది, దాని కింద ఎన్ని నిండు పొరలుంటాయన్నది పై పొరల లెక్క మీదే ఆధారపడుతుంది. లెక్క తక్కువైతే ఆ వాలులో వరసగా చిల్లులు పడతాయి.

ఒక విషయంలో చాలామందికి దురాశ ఉంటుంది. స్లైసర్లలో ఇస్త్రీ చేసే సెట్టింగు ఒకటుంది, Enable Ironing అని. ఆఖరి పొర అయ్యాక వేడి నాజిల్ మళ్ళీ ఒకసారి అతి కొద్దిగా ప్లాస్టిక్ వదులుతూ ముఖమంతా రుద్దుతుంది. బాగున్న ముఖాన్ని అది ఇంకా బాగు చేస్తుంది. పోగుల గీతలు మాసిపోతాయి. బొంతలా ఉన్న ముఖం మీద మాత్రం దండగ. గుంట లోతుకు నాజిల్ దిగదు, వదిలే ప్లాస్టిక్ గుంట పూడ్చడానికి చాలదు. ముందు మూడు మరలూ సరిచేసుకుని, ఆ తరవాతే ఇస్త్రీ సంగతి చూడాలి.

ఒకసారి చెడిన పలకను బాగుచేయడం కూడా ప్రయత్నించి చూశాను. గరుకు కాగితంతో రుద్దితే గట్లు అరిగాయి, వాటితో పాటే 0.36 మిల్లీమీటర్ల కప్పు కూడా అరిగి, లేని చోట కొత్త చిల్లులు తెరుచుకున్నాయి. కప్పు పలచగా ఉన్నదాన్ని రుద్దకూడదు. గుంటల్లో పుట్టీ నింపి, ఆరాక రుద్ది, పైన రంగు వేస్తే పనికొస్తుంది. అక్షరాల మధ్య పుట్టీ పూయడం మాత్రం కొత్త పలక వేయడం కన్నా ఎక్కువ శ్రమ.

కొత్త పలకే వేశాను. అదే 0.12 పొర, పైన ఏడు పొరలు, ఫ్యాన్ వంద, ఇన్‌ఫిల్ ఇరవై. మొదటి పలక కన్నా పది గ్రాములు బరువెక్కింది. ఈసారి రాత్రి కాక తెల్లవారుజామున, గది కాస్త చల్లబడ్డాక మొదలుపెట్టి, కప్పు పొరలు పడేటప్పుడు పక్కనే కూర్చున్నాను. మాస్టారు దాన్ని వరండాలోకి తీసుకెళ్ళి, పొద్దుటి ఎండకు ఏటవాలుగా పట్టుకుని, చూపుడువేలితో ఈ చివరి నుంచి ఆ చివరికి గీసి చూశారు. "పాతది పారేయకు, మా మనవడికి చూపిద్దాం. ఎనిమిదికి నాలుగుకు తేడా ఏమిటో చేత్తో తెలుస్తుంది," అని రెండూ పట్టుకుని వెళ్ళారు.